పదకొండున్నర గంటల ప్రేక్షకులు

జీవరాజు మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయనతో పద్నాలుగేళ్లు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్నదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. ఆయన లెక్కల మాస్టారు, నేను కంప్యూటర్ టీచర్ని. సుద్దముక్క విరిగితే కోపం, డస్టర్ కనబడకపోతే కోపం, ప్రార్థన గంట ఒక్క నిమిషం ఆలస్యమైతే ప్యూన్ మీద కోపం. వెనక బెంచీ పిల్లవాడు ఒకే లెక్కను ఆరుసార్లు అడిగితే మాత్రం ఏడోసారి కూడా చెప్పేవారు. అందుకే ఆయన కోపాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేసేవారు కాదు.

నాలుగేళ్ల కిందట మా బడి మూతపడింది. నాకు బన్సీలాల్‌పేటలో ఇంటికి దగ్గరగానే ఇంకో బడి దొరికింది, మధ్యాహ్నం పూట. మాస్టారికి దొరకలేదు. యాభై ఏడేళ్ల మనిషిని చూసి ప్రతి ప్రిన్సిపాలూ టీ ఇప్పించి, ఫోన్ చేస్తామని పంపించారు. మూడు నెలలు తిరిగాక ఆయన తిరగడం మానేశారు. కార్ఖానాలో వాళ్లది చిన్న ఇల్లు. ముందు గదిలో గోడకు బోర్డు బిగించుకుని, మా పాత పిల్లల కోసమని పదో తరగతి లెక్కలు వీడియోలు తీయడం మొదలుపెట్టారు. కెమెరా, ఎడిటింగ్, చానల్ వ్యవహారం అంతా నాది. పొద్దున పదింటికి నేను లాప్‌టాప్‌తో వెళ్లేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, టక్ చేసుకుని, బోర్డు ముందు నిలబడి ఉండేవారు. ఎదురుగా ఒక్క పిల్లవాడు లేడు.

ఆయన భార్య ఎమిలీ గారు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, కెమెరాలో పడకుండా గోడవారగా వంటింట్లోకి వెళ్లిపోయేవారు. నాలుగేళ్లలో ఆమె నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు.

చానల్ పేరు ‘జీవరాజు లెక్కలు’. అందులో పాటలు లేవు, గంతులు లేవు. ఒక లెక్కకు పద్దెనిమిది నిమిషాలు. అయినా నలభై ఒక్క వేలమంది చేరారు. ఎలా చేరారో మా ఇద్దరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అదే మా తెలివితక్కువతనం.

నవంబరులో బేగంపేట నుంచి తిరుమల్ అనే అతను వచ్చాడు. ఒక కోచింగ్ సంస్థలో మేనేజరు. ముప్పై దాటి ఉండవు, మాట మాత్రం చక్కెర పాకం.

“సార్, మీ చానల్ మా సంస్థ కిందికి తీసుకుంటం. మీరు మాకు పదో తరగతి లెక్కల సార్. బేగంపేట బ్రాంచిల రెండో అంతస్తు మీదే. అరవై మంది పిల్లలు, తెల్ల బోర్డు, ఏసీ.”

మాస్టారి చెయ్యి టీ గ్లాసు మీద ఆగిపోయింది. “అరవై మందా?” అన్నారు.

“అరవై మంది సార్. జూన్ దాంక ఆగుడెందుకు, డిసెంబర్ల షురూ చేద్దాం.”

నాలుగేళ్లుగా గోడతో మాట్లాడుతున్న మనిషికి అరవై మంది పిల్లలు. ఆ సాయంత్రమే ఆయన మెట్రో ఎక్కి వెళ్లి ఆ గదిని చూసి వచ్చారు. మర్నాడు మళ్లీ వెళ్లారు. వెనక బెంచీ నుంచి బోర్డు కనిపిస్తుందో లేదో కూర్చుని మరీ చూశారట.

తిరుమల్ షరతులు రెండు. పాత నిదానపు వీడియోలు దాచేసి, ఆరు నిమిషాల్లో ముగిసే కొత్తవి పెట్టాలి. రోజూ సాయంత్రం ఏడింటికి లైవ్ క్లాసు తీసుకోవాలి. ఇవి ఒప్పుకుంటే శుక్రవారం సంతకం. అంతకన్నా ముందు చానల్ ఎవరు చూస్తున్నారో చూపించాలి.

అప్పుడు నేను మొదటిసారి యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకుల వివరాలు సరిగ్గా తెరిచాను. గడిచిన తొంభై రోజులవి. పదమూడు నుంచి పదిహేడేళ్ల వాళ్లు నూటికి ముగ్గురు. ముప్పై అయిదు నుంచి నలభై నాలుగు మధ్యవాళ్లు ముప్పై ఎనిమిది మంది. వాళ్ల కన్నా ఒక మెట్టు చిన్నవాళ్లు ముప్పై ఒక్కరు. మొత్తంలో మగవాళ్లు అరవై నాలుగు శాతం. ఊళ్లలో హైదరాబాద్ ముందుంది, తర్వాత వరంగల్, కరీంనగర్, నిజామాబాద్. నూటికి తొంభై మూడు వంతులు ఫోన్ల మీదే చూస్తున్నారు.

తిరుమల్ నుదురు ముడిపడింది. “గిదేంది సార్? టెన్త్ పోరగాళ్లు ముగ్గురేనా?”

మాస్టారు నవ్వారు. “బాబూ, నువ్వు మేనేజర్‌వి, నేను టీచర్ని. మా పిల్లలకి సొంత ఫోన్లెక్కడివి? ఫోను నాన్నది, అకౌంటు నాన్నది. చూసేది కొడుకు. మీ యంత్రానికి నాన్న వయసే కనబడుతుంది.”

మాట సబబే. లాగిన్ అయిన అకౌంటులో పుట్టినతేదీ ఏది ఉంటే ఆ వయసే లెక్కలోకి వస్తుంది. ఫోను ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. నేనూ తలూపాను. తిరుమల్ ముఖం విప్పారింది. “గట్లనా! అయితే పరేషాన్ లేదు. కల్పలత మేడం, గదంతా ఒక రిపోర్ట్ చేసియ్యండ్రి. మా డైరెక్టర్ సార్‌కు చూపిస్త” అన్నాడు. కింద ఒక వాక్యం రాయమన్నాడు కూడా: ప్రేక్షకులు పదో తరగతి విద్యార్థులు, తల్లిదండ్రుల ఫోన్ల ద్వారా.

బుధవారం ఆ రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఎక్కడి నుంచి వస్తున్నారన్న పట్టిక తెరిచాను. సగానికి పైగా యూట్యూబ్‌లో వెతుక్కుని వస్తున్నారు. ఇరవై ఒక్క శాతం బయటి లింకుల నుంచి, అందులో ఎక్కువ భాగం వాట్సాప్. సరే, ఏమని వెతుకుతున్నారు? ఆ జాబితా నొక్కాను. ‘ఓపెన్ టెన్త్ లెక్కలు.’ ‘లెక్కలు మొదటి నుంచి.’ ‘భిన్నాలు ఎట్లా చేయాలి.’ ‘టెన్త్ మ్యాథ్స్ ఫెయిల్ మళ్ళీ రాయాలి.’

పదో తరగతి పిల్లవాడు భిన్నాలు ఎలా చేయాలని వెతకడు. రాకపోయినా వెతకడు, సిగ్గుపడతాడు.

ప్రేక్షకులు యూట్యూబ్‌లో ఉండే వేళల పట్టీ చూశాను. సోమవారం నుంచి శనివారం దాకా పదకొండు నుంచి ఒంటిగంట మధ్య గళ్లు ముదురు రంగులో ఉన్నాయి. కానీ అది వాళ్లు యూట్యూబ్‌లో ఉండే వేళ, మన వీడియోలే చూసే వేళ కాదు. దాన్ని పట్టుకుని గట్టిగా మాట్లాడకూడదు. అందుకని గత నలభై ఎనిమిది గంటల్లో మన చానల్‌కే గంటగంటకూ వచ్చిన వ్యూస్ తీశాను. అక్కడా అంతే. పదకొండుకు గీతలు లేచి, ఒంటిగంటన్నరకు కూలబడ్డాయి. సాయంత్రం ఏడింటికి దాదాపు ఏమీ లేదు.

చివరగా తేదీల వారీగా చూశాను. మామూలు రోజుల్లో రోజుకు రెండు వేల ఆరు వందల వ్యూస్. ఆదివారం తొమ్మిది వందలు. దసరా సెలవులున్నన్ని రోజులూ సగానికి పడిపోయి, బళ్లు తెరిచిన రోజునే మళ్లీ లేచింది.

లాప్‌టాప్ మూయకుండానే ఆటో ఎక్కి కార్ఖానా వెళ్లాను.

“సార్, జెర ఇది చూడండి. పిల్లలు ఇంట్ల ఉన్నప్పుడు ఎవ్వరు చూస్తలేరు. పిల్లలు బడికి పోయినంకనే చూస్తున్నరు.”

“సెలవుల్లో ఏ పిల్లాడు లెక్కలు చూస్తాడమ్మా?”

“మరి పగటీలి పదకొండు గంటలకు ఎవరు చూస్తున్నరు సార్? వందల మంది పోరగాళ్లు బడి ఎగ్గొట్టి లెక్కలు నేర్చుకుంటున్నరా?”

ఆయన డస్టర్ అందుకున్నారు. బోర్డు తుడిచారు. తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచారు.

“పెద్దవాళ్లు సార్. టెన్త్ ఆగిపోయినోళ్లు. ఓపెన్‌ స్కూల్ల రాసుకుంటున్నరు.”

“నీకెలా తెలుసు?” గొంతు లేచింది. “నీ గీతలు మనుషుల పేర్లు చెబుతాయా? చెప్పవు కదా! మరి నువ్వెవరివి చెప్పడానికి? నాలుగేళ్లకి ఒక తరగతి దొరికింది కల్పలతా. ఎల్లుండి సంతకం. ఇవాళొచ్చి నా చెవిలో ఇది ఊదుతావా?”

నాకూ కోపం వచ్చింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? “ఆ రిపోర్టు కింద నా పేరుంటది సార్. అబద్ధమైతే నేను రాయ” అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎమిలీ గారు వింటున్నారని ఇద్దరికీ తెలుసు. ఎవరమూ అటు చూడలేదు.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. “వాళ్లనే అడుగుదాం. రేపు పదకొండున్నరకి లైవ్ పెట్టు. ఎవరు మీరని అడుగుతాను. పిల్లలైతే రిపోర్టు నువ్వే రాయాలి.”

“కాకుంటే?”

“కాకుంటే కాకుంటే అంటావేంటి!” అని అరిచారు. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు.

ఆ సాయంత్రం చానల్లో ప్రకటన పెట్టాను. గురువారం మా బడికి సెలవు పెట్టి పదింటికే వెళ్లాను. మాస్టారు నీలం చొక్కా వేసుకున్నారు, గడ్డం దగ్గర కోసుకున్న గాటు ఎర్రగా ఉంది. టీ ఎవరూ తేలేదు. ఎమిలీ గారికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

పదకొండున్నరకు లైవ్ మొదలైంది. అయిదు నిమిషాల్లో నూట ఎనభై మంది చేరారు. చాట్‌లో నమస్తేలు వచ్చాయి. సదాశివ, భానుప్రకాశ్, ఐజాక్, పాల్, ఇంకా బోలెడు మంది. అన్నీ మగవాళ్ల పేర్లే. మాస్టారు నా వైపు చూసి కళ్లెగరేశారు, చూశావా, అన్నీ నాన్నల ఫోన్లే అన్నట్టు. నేను తల దించుకున్నాను.

ఆయన బోర్డు మీద చిన్న లెక్క రాశారు. ఒక తెలియని సంఖ్యకు ఏడు కలిపితే మూడు వస్తుంది, ఆ సంఖ్య ఎంత? అలవాటు ప్రకారం ఏడును అటు పంపి, గుర్తు మార్చి, మైనస్ నాలుగని తేల్చారు. సుద్ద కింద పెట్టి కెమెరా వైపు తిరిగారు.

“పాఠం ఆపి ఒక్క మాట అడుగుతాను. ఇవాళ గురువారం, బడి ఉన్న రోజు. మీరు బళ్లో ఉండకుండా ఇక్కడేం చేస్తున్నారు? ఎవరు మీరు?”

చాట్ ఆగిపోయింది. లైవ్‌లో మన మాట వాళ్లకు చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లు దాటాయి, ఇంకా దాటాయి. చూస్తున్నవాళ్ల అంకె నూట ఎనభై నుంచి నూట అరవై ఒకటికి పడింది. అడిగి చెడగొట్టామనుకున్నాను.

అప్పుడు సదాశివ పేరు మీద ఒక వరుస వచ్చింది. నేను పైకి చదివాను.

“సార్ నేను పిల్లను కాదు. సదాశివ మా ఆయన. ఆయన కొత్త ఫోన్ కొన్నంక పాతది నాకిచ్చిండు. నా పేరు బుచ్చమ్మ. పిల్లలు బడికి పోయినంక చూస్త.”

గేటు తెరిచినట్టయింది. “భానుప్రకాశ్ మా కొడుకు సార్, నేను వాళ్లమ్మను స్వర్ణలతను.” “పాల్ గారి భార్యను, తొమ్మిదో తరగతిలో పెళ్లి చేశారు.” “ఏప్రిల్‌ల పరీక్ష సార్, లెక్కలొక్కటే భయం.” “మా కుట్టుమిషన్ సెంటర్ గ్రూపుల మీ వీడియోలే పంపుకుంటం.” “నిమ్మలంగ చెప్తరు, అందుకే.” “గిదొక్క టైమే మాది సార్.” నేను చదవలేక వెనకబడిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి.

బేగంపేట గది మీద ఆశ మాస్టారి ముఖంలోంచి మెల్లగా జారిపోవడం చూశాను. ఆయన మీద జాలేసింది.

ఆ హడావుడిలో ఒక పేరు కనబడింది. జీవరాజు. పక్కన ఆయన ఫొటోనే, మీసాలు నల్లగా ఉన్నప్పటిది. మన చానల్ అకౌంటు కాదు, వేరేది. అందులో ఇలా ఉంది: “అటు వెళ్లగానే గుర్తు ఎందుకు మారుతుంది?”

చదివి వినిపించి, ఫొటో చూపించాను. అసలే కాలిపోయి ఉన్న మాస్టారు మండిపడ్డారు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, “ఎవడో నా పేరు పెట్టుకుని వెక్కిరిస్తున్నాడు. తీసెయ్ వాణ్ని” అన్నారు.

ఆ మనిషి మాటలు చానల్లో ఇక కనబడకుండా చేయడానికి మౌస్ అక్కడికి తీసుకెళ్లాను. ఒక్క నొక్కు చాలు. ఇంతలో అదే పేరుతో ఇంకో వరుస వచ్చింది.

“ప్రతి వీడియోలో గుర్తు మారుతుంది అంటారు. ఎందుకో చెప్పరు. నేను బట్టీ పట్టలేకపోతున్నాను. దయచేసి చెప్పండి.”

నా వేలు ఆగిపోయింది. మాస్టారు వంగి తెర దగ్గరగా చూశారు, ముఖ్యంగా ఆ ఫొటోను. “ఇది నా పాత ఫోన్‌లోది” అన్నారు నెమ్మదిగా. “ఆ ఫోను నేను...”

వాక్యం పూర్తి చేయలేదు. వంటింటి తలుపు వైపు చూశారు. తలుపు దగ్గరగా వేసి ఉంది.

తర్వాత ఆయన చేసిన పనికి నేను ఆయన కోపాలన్నీ మాఫీ చేసేశాను. నిటారుగా నిలబడి, మైకు మీంచి చెయ్యి తీసి, “జీవరాజు గారి పేరు మీద ఒకరు అడిగారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తప్పు నాది. గుర్తు దానంతటది మారదు” అన్నారు. బోర్డు మీద తక్కెడ గీశారు. ఒక పళ్లెంలోంచి ఏడు తీస్తే రెండో పళ్లెంలోంచీ ఏడు తీయాలి, లేకపోతే తక్కెడ ఒరిగిపోతుంది. ఏడు అటు దూకలేదు, రెండు వైపులా తీసేశాం. మూడులోంచి ఏడు తీస్తే మైనస్ నాలుగు. ఇరవై నిమిషాలు చెప్పారు.

“ఇప్పుడు అర్థమైంది” అని వచ్చింది, నల్ల మీసాల ఫొటో పక్కన.

లైవ్ ఆపేశాను. వంటింటి తలుపు తెరుచుకుంది. ఎమిలీ గారు వచ్చారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో రెండు వందల పేజీల నోటుపుస్తకం.

“ఎప్పటి నుంచి చూస్తున్నావు?” అని అడిగారు మాస్టారు.

“మొదటి వీడియో నుంచండి.”

“పక్క గదిలో ఉండి! ఒక్కసారి నన్ను అడగొచ్చు కదా ఎమిలీ?”

“అడిగాను. పెళ్లయిన కొత్తలో. టెన్త్ మళ్లీ రాస్తాను, లెక్కలు చెప్పండి అని. నీకెందుకివన్నీ అన్నారు.” గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది చెబుతున్నట్టు చెప్పారు. “వీడియోలో మీరు విసుక్కోరు. అందుకని అందులో చూశాను.”

మాస్టారు తల ఎత్తలేకపోయారు. నేను అక్కడ ఉండకూడదనుకుని వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. అంతలో ఫోన్ మోగింది. తిరుమల్. మాస్టారు స్పీకర్లో పెట్టి, ప్రేక్షకులు పిల్లలు కారని, ఇళ్లలో ఉండే ఆడవాళ్లని ఉన్నదున్నట్టు చెప్పారు.

“అరే, గదంతా ఎందుకు సార్! మొన్న చూపించిన లెక్కలు చాలు. లోపల ఎవరున్నరని మా డైరెక్టర్ సార్ అడగడు. రేపు వచ్చి సంతకం పెట్టుండ్రి. పాత వీడియోలు తీసేద్దాం, ఏడింటికి లైవ్ పెడదాం, పోరగాళ్లు వాళ్లే వస్తరు. అరవై మంది రెడీగున్నరు సార్.”

మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఆ గది ఇంకా అక్కడే ఉంది, సంతకం పెడితే చాలు. కాసేపటికి కళ్లు తెరిచి, ఫోన్లోకి కాకుండా భార్య వైపు తిరిగి అడిగారు.

“ఏడింటికి క్లాసు పెడితే నీకు కుదురుతుందా?”

“ఏడింటికి మీకు చపాతీలు చేయాలి కదండీ.”

ఆయన ఫోన్ నోటి దగ్గరకు తెచ్చుకున్నారు. “రేపు నేను రావట్లేదు బాబూ” అని పెట్టేశారు. తర్వాత పక్కనున్న కుర్చీ లాక్కొచ్చి బోర్డుకు ఎదురుగా వేసి, భార్యను కూర్చోమన్నారు.

“పొయ్యి మీద పప్పు ఉందండీ. పది నిమిషాలే” అంటూ ఎమిలీ గారు కూర్చుని, పుస్తకం తెరిచారు.